మూడుసార్లు మూసిన ఫిర్యాదు

ఆ టీచర్ ఫిర్యాదును మా సపోర్టు ఆఫీసులో అప్పటికే మూడుసార్లు మూసేశారు. ఆన్‌లైన్ క్లాసు మధ్యలో మైకులు వాటంతటవే ఆగిపోతున్నాయని ఆవిడ రాస్తే, మొదట నెట్ చూసుకోమన్నారు. తర్వాత యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమన్నారు. ఆఖరికి మా టెస్టర్ న్యూస్‌పేపరు ముందేసుకుని గుక్క తిప్పుకోకుండా చదివి, "ఇక్కడ బాగానే ఉంది" అని రాసి చేతులు దులుపుకున్నాడు. ఈసారి అది నా వంతుకొచ్చింది. ఆవిడకు ఫోన్ చేశాను.

"మీరసలు మనుషులేనా అమ్మా?" అంది టీచర్. "నా క్లాసులో ఒకడికి నత్తి. మాట గొంతులోనే ఆగిపోతుంది. వాడి కోసం మేమంతా ఆగుతాం. తీరా మాటొచ్చేసరికి మీ యాప్ మైకు ఆపేస్తుంది. వాడికా సంగతి తెలీదు, పాపం, కష్టపడి మొత్తం చెప్పేస్తాడు. ఒక్కరికీ వినపడదు. ఇంక క్లాసుకి రానంటున్నాడు."

నాకు ఒళ్ళు మండింది. ఆ క్లాసులో ఎవరేం నొక్కారో నమోదయ్యే లాగ్ తీయించి చూశాను. మైకు ఆపింది పిల్లాడూ కాదు, టీచరూ కాదు, మా యాపే. పది సెకన్లు మాట వినపడకపోతే మైకు ఆగిపోయేలా కొత్త అప్‌డేట్‌లో అన్ని క్లాసులకూ పెట్టేశారు. మళ్ళీ చేత్తో నొక్కితే తప్ప తెరుచుకోదు. ఆగకుండా చదివే మా మహానుభావుడికి అది ఎలా దొరుకుతుంది?

మర్నాడు మా యాప్‌లోనే ఒక క్లాసు తెరిపించి మీటింగు పెట్టించాను. ఆ అప్‌డేట్ రాసిన డెవలపర్ ఇంటినుంచే అందులో చేరాడు.

"అది లోపం కాదండీ, సౌకర్యం," అన్నాడు. "మైకు ఆపడం మర్చిపోయినవాళ్ళ ఇంటి గోల క్లాసంతా వినపడకుండా."

"ఒక్క పిల్లాడి కోసం మార్చేస్తామా?" అన్నాడు మా టీమ్ లీడర్.

"అయితే వాడికెంత టైమివ్వాలో మీరే చెప్పండి బాబూ," అన్నాను డెవలపర్‌తో.

అతను ఆలోచనలో పడ్డాడు. తల దించుకుని చాలాసేపు ఊరుకున్నాడు. మా మీటింగుల్లో మైకు దొరికినవాడు అంతసేపు నోరు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత మొదలుపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి, చేతులు తిరుగుతున్నాయి, గొంతు మాత్రం లేదు. మొత్తం చెప్పేసి, మా జవాబు కోసం ఆశగా చూశాడు.

"నీ మైకు ఆగిపోయిందయ్యా," అన్నాడు టీమ్ లీడర్, మెల్లగా.

డెవలపర్ గబగబా మైకు నొక్కాడు. మొహం వాడిపోయింది. "ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ," అన్నాను. "వాడికి రోజూ ఇంతే."

సాయంత్రానికల్లా ఆ ఏర్పాటు అన్ని క్లాసుల్లోనూ తీసేశారు. కావాలనుకున్న టీచర్లే పెట్టుకోవచ్చు. టీమ్ లీడర్ ఆ ఫిర్యాదు టికెట్ మూసేయమన్నాడు. టీచర్ చెప్పేదాకా మూయనన్నాను.

తర్వాతి క్లాసయ్యాక ఆవిడ రాసింది: "ఇవాళ వాడు జవాబు చెప్పాడు. తప్పు జవాబే. అందరం చివరిదాకా విన్నాం. ఇప్పుడు మూసుకోండి మీ టికెట్."