గుండ్రం చేసిన తల

చెల్లెలు పసిపిల్లల ఫోటోలు తీసి బతుకుతుంది. మేడ మీద ఒకే గది ఆమె స్టూడియో. పిల్లలకు చలి వేయకుండా మూల ఒక హీటరు, బట్ట పరిచిన బుట్టలు, గోడకు ఆనించిన తెల్లటి తెరలు. ఏడుస్తున్న బిడ్డను రెండు నిమిషాల్లో నిద్రపుచ్చగలదని ఆమెకు పేరుంది.

పెళ్లైన తొమ్మిదేళ్లకు అక్కకు కొడుకు పుట్టాడు. ఇంట్లో అందరికీ వాడు బుడ్డోడు. ఇరవయ్యో రోజున వాణ్ణి స్టూడియోకు తెచ్చారు. చెల్లెలు ఆ రోజు ఇంకెవరినీ రమ్మనలేదు. బుట్టలో ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, స్టూలెక్కి, పైనుంచి తీసింది.

మర్నాడు కంప్యూటర్‌లో చూస్తే తల వెనక కుడివైపు చదునుగా కనబడింది. చిన్న లోపమే. పసికందుల మొహం మీద ఎర్ర మచ్చలూ, ఊడుతున్న చర్మపు పొరలూ చెరిపేయడం ఆమెకు రోజూ ఉన్న పనే. అక్క ఈ ఫోటో కోసం ఎంత ఎదురుచూసిందో ఆమెకు తెలుసు. మౌస్‌తో ఆ అంచును కొంచెం బయటికి లాగింది. తల గుండ్రమైంది. అసలు ఫోటోలున్న కెమెరా కార్డును చెరిపేసి, తర్వాతి వారం దాని మీద ఇంకెవరి పిల్లలవో తీసింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పదగ్గ సంగతి అని కూడా అనుకోలేదు.

మూడున్నర నెలలప్పుడు టీకా వేయించడానికి అక్క ఒక్కతే ఆసుపత్రికి వెళ్లింది. టీకా నర్సు వేస్తుంది. డాక్టరును చూడాలంటే వేరే టోకెన్ తీసుకోవాలి. వరుసలో కూర్చుని, బుడ్డోడి తల వెనకనుంచి ఫోటో తీసి చెల్లెలికి పంపింది. "ఇక్కడ చదునుగా ఉంది కదే? డాక్టరుకు చూపించనా?"

స్టూడియోలో అప్పుడు కవలలు పోటీపడి ఏడుస్తున్నారు. చెల్లెలు ఫోన్ వైపు ఒక్క చూపు చూసింది. దగ్గరనుంచి, పక్కకు వంచి తీసిన ఫోటో అది. అలాంటి దాంట్లో ఎవరి తలైనా వంకరగానే కనిపిస్తుందని ఆమెకు తెలుసు. ఎప్పుడూ వెల్లకిలా పడుకునే పిల్లలకు అలా అవుతుందని ఎందరో తల్లులు చెప్పగా విన్నది. తానే ఫోటోలో ఆ తలను గుండ్రం చేసిన సంగతి ఆ గోలలో గుర్తే రాలేదు. "పడుకోవడం వల్లే అక్కా. నేను రోజూ చూసేవాళ్లలో సగం మందికి ఉంటుంది. కావాలంటే నేను తీసిన ఫోటో చూడు, ఎంత గుండ్రంగా ఉన్నాడో. అదే సర్దుకుంటుంది" అని పంపింది.

అక్క ఆ ఫోటో చూసుకుంది. పుట్టినప్పుడు గుండ్రంగానే ఉంది కదా అని ధైర్యం తెచ్చుకుంది. టోకెన్ తీసుకోకుండా ఇంటికి వచ్చేసింది.

ఏడో నెలలో బావ కొడుక్కి టోపీ పెడుతూ, కుడి చెవి ఎడమ చెవికన్నా కిందికి ఉందేమిటని అడిగాడు. ఈసారి అక్క ఎవరినీ అడగలేదు. చెల్లెల్ని తోడు రమ్మని, పిల్లల డాక్టరమ్మ దగ్గరకు వెళ్లింది.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. బుడ్డోణ్ణి అక్క ఒళ్లో కూర్చోబెట్టించి, ముందు నడినెత్తి మీదనుంచి చూసింది. ఒక బొమ్మను అటూ ఇటూ తిప్పి, మెడ రెండు వైపులా సరిగా తిరుగుతోందో లేదో చూసింది. టేపుతో తల చుట్టూ కొలిచింది. తర్వాత కళ్లు మూసుకుందా అన్నట్టు, చాలాసేపు వేళ్లతోనే వెతికింది. కుడి చెవి వెనక ఆమె వేలు ఆగిపోయింది.

"పుట్టినప్పటి ఫోటోలేమైనా ఉన్నాయా అమ్మా?"

అక్క ఫోన్ తీసి ఆ ఫోటో చూపించింది. డాక్టరమ్మ దాన్ని పెద్దది చేసి చూసి కనుబొమలు ముడిచింది. పడుకోవడం వల్ల వచ్చే చదునైతే సాధారణంగా అటువైపు చెవి ముందుకు జరుగుతుందని, వీడికి వెనక్కీ కిందికీ లాగినట్టుందని చెప్పింది. పుర్రె ఎముకల మధ్య ఉండే అతుకు ఒకటి ముందే మూసుకుపోయినట్టు చేతికి గట్టిగా తగులుతోందని, అలాంటిది మొదటినుంచే కొంతైనా కనబడాలని అంది. "ఈ ఫోటోలో మాత్రం అసలేమీ లేదు. నాకు ఇదే అర్థం కావడం లేదు."

చెల్లెలు ముందుకు వచ్చింది.

"అది నేను సరిచేసిన ఫోటో డాక్టరుగారూ. అప్పుడే చదునుగా ఉంది. నేనే గుండ్రం చేశాను."

అక్క తలెత్తి చూడలేదు. బుడ్డోడి పాదం గుప్పిట్లో పట్టుకుని అలాగే కూర్చుంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. సరిచేయని ఫోటో చూసినా ఏదీ తేల్చి చెప్పడం కుదరదని మాత్రం అంది. చదునుగా కనిపించే తలల్లో చాలావాటికి కారణం పడుకునే తీరేనని, మెలకువగా ఉన్నప్పుడు పక్కనే ఉండి బోర్లా ఆడిస్తే, తలను అటూ ఇటూ తిప్పేలా చేస్తే క్రమంగా సర్దుకుంటాయని చెప్పింది. కానీ ఏది అది, ఏది కాదు అన్నది ఫోటో చెప్పదు. అతుకును చేత్తో తడమాలి, మెడ చూడాలి, తల పెరుగుదల కొలవాలి.

"మూడున్నర నెలలప్పుడే తీసుకొచ్చి ఉంటే?" అని అక్క అడిగింది.

డాక్టరమ్మ టేపు చుట్టి పక్కన పెట్టింది. మొదటి నెలల్లో కొందరికి చిన్న కోతతో చేసే ఆపరేషన్ వీలవుతుందని, వీడికి అయ్యేదో లేదో ఇప్పుడు తాను చెప్పలేనని అంది. ఈ వయసుకు ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. పుర్రె ఆపరేషన్లు చేసే సర్జన్ వేరే ఊళ్లో ఉన్నాడు. ఎంత తొందరగా రమ్మంటాడో తెలియాలంటే, తన పరీక్ష కాగితంతో పాటు ఫోటోలు కూడా పంపాలి.

"మీరే తీయండి" అంది చెల్లెలితో.

ఎలా తీయాలో కూడా చెప్పింది. నీళ్లతో జుట్టు తడిపి తలకు అంటుకునేలా దువ్వించింది. ఫోన్ మొహం మీదికి తెస్తే ఆకారం సాగిపోతుంది కాబట్టి, దూరంగా నిలబడి జూమ్ చేయమంది. నడినెత్తికి సరిగ్గా పైనుంచి ఒకటి, అందులో ముక్కు కొనా రెండు చెవులూ కనబడాలి. ఎదురుగా ఒకటి, రెండు పక్కలనుంచి చెరొకటి, వెనకనుంచి ఒకటి, అన్నీ తల ఎత్తులో, తల వంచకుండా. కిటికీ వెలుగు చాలు. తేదీ ఉండాలి. ఏ మెరుగులూ దిద్దకూడదు.

అక్క కొడుకు తలను రెండు చేతులతో నిటారుగా పట్టుకుంది. చెల్లెలు కుర్చీ ఎక్కి ఫోన్ కిందికి వంచింది. ఏడు నెలల్లో ఆ తలను ఆమె ఉన్నదున్నట్టు చూడటం అదే మొదటిసారి. కుడివైపు వెనక కోసేసినట్టుంది. చెవి వెనక కింద చిన్న ఉబ్బు ఉంది. మొదటి రెండూ మసకబారాయి. బుడ్డోడు పిన్నిని గుర్తుపట్టి నవ్వుతూ పైకి చూడబోయాడు. "కదలకు నాన్నా" అంది అక్క. ఆమె కన్నీటి చుక్క తడి జుట్టులో పడింది. డాక్టరమ్మ దూదితో తుడిచి, మళ్లీ తీయమంది.

సర్జన్ ఆ వారమే రమ్మన్నాడు. స్కాన్‌లో డాక్టరమ్మ అనుమానమే నిజమని తేలింది. తొమ్మిదో నెలలో ఆపరేషన్ అయింది. ఆరు గంటలు పట్టింది, రక్తం ఎక్కించారు. రెండు రోజులు మొహం వాచి కళ్లు తెరుచుకోలేదు. మూడో రోజు ఒక కన్ను తెరిచి తల్లిని వెతుక్కున్నాడు. ఒక చెవినుంచి రెండో చెవిదాకా కుట్లు. బాగానే కోలుకుంటాడని, కానీ కొన్నేళ్లపాటు చూపిస్తూ ఉండాలని సర్జన్ చెప్పాడు.

ఆ పది రోజులూ చెల్లెలు వార్డు బయటే కూర్చుంది. అక్క ఆమెను పొమ్మనలేదు, లోపలికి రమ్మనలేదు. ఇంటికి బయల్దేరే రోజున చెల్లెలే వెళ్లి ఎదురుగా నిలబడింది. నాలుగు మాటలు తిట్టు అక్కా అంది.

"నీ మీద కోపం లేదే" అంది అక్క. "టీకా రోజున నేను అడిగింది ఫోటోగ్రాఫర్‌ని కాదు, నా చెల్లెల్ని. ఇప్పుడు నిన్ను ఏదైనా అడగాలంటే భయమేస్తోంది."

నిద్రలో ఉన్న బుడ్డోణ్ణి మరో భుజం మీదికి మార్చుకుని మెట్లు దిగింది. బావ సంచులు పట్టుకుని వెనకే వెళ్లాడు. మిగిలిన సంచి ఒకటి బెంచీ మీద ఉంటే చెల్లెలు తీసుకుని కిందికి వెళ్లింది. అప్పటికే వాళ్ల కారు తలుపు మూసుకుంది. బావ దిగి వచ్చి, ఆమె చేతిలోంచి సంచి అందుకుని తిరిగి వెళ్లాడు.