వాయిదా కంపెనీ కోత

కుట్టుమిషన్ల దుకాణంలో జమ తక్కువైతే కౌంటరు మనిషి జీతంలో కోయడం యజమాని పద్ధతి. ఈ నెల జీతాల పట్టీలో కౌంటరు అక్క పేరు ఎదుట వెయ్యి కోత పడింది.

“ఇరవై వేల మిషనుకు పందొమ్మిది వేలే వచ్చాయి. మిగతాది గాలికి పోయిందా?” అన్నాడు యజమాని.

పట్టీ రాసే గుమాస్తా అమ్మాయికి ఒళ్లు మండింది. అయినా గొంతు పెంచకుండా, వాయిదాల కంపెనీ పంపిన చెల్లింపు వివరాల కాగితం ఆయన ముందు పెట్టింది.

“ఇదిగో సార్, అదే ఆర్డరు నంబరు. కొన్నామె కంపెనీకి నాలుగు వాయిదాల్లో కడుతుంది. కంపెనీ మూడు రోజులాగి, నూటికి ఐదు రుసుము పట్టుకుని, మిగతాదంతా మనకు ఒకేసారి పంపింది. ఆ ఒప్పందం మీద సంతకం మీదే.”

“అయితే ఆ వెయ్యి నాకు నష్టమేగా?”

“అమ్మకం ఇరవై వేలే. వెయ్యి దుకాణం ఖర్చు. మీ ఖర్చు ఆవిడ కంచంలోంచి తీస్తారా?”

“పోనీలే చెల్లీ, గొడవెందుకు? ప్రతి నెలా ఉండేదేగా,” అంది కౌంటరు అక్క నెమ్మదిగా.

ప్రతి నెలా అన్న మాట వినగానే గుమాస్తా కలం పక్కన పెట్టేసింది.

“ఇలా అయితే పట్టీ మీద నేను సంతకం పెట్టను సార్.”

యజమాని విసుగ్గా కోత కొట్టేశాడు. “ఇక చాలా?”

“ఇది ఈ నెలది,” అంటూ ఆమె పోయిన నెల పట్టీ తెరిచింది.