మేస్త్రీ అన్న మాట

నరసరావుపేటలో ఇంటి నుంచే సినిమాలకు తెలుగు సబ్‌టైటిళ్లు రాసే సుందరికి ఈసారి ఒక తమిళ సినిమా వచ్చింది. కథ 1940ల నాటి నూలుమిల్లుది. అందులో మేస్త్రీ ప్రతి మాటకూ బూతు కలుపుతాడు. ప్రేక్షకుడికి చదివే వ్యవధి తక్కువ కాబట్టి ఊతపదంలా వచ్చేవాటిని ఆమే చాలావరకు తీసేసింది. ఒక్కచోట మాత్రం "లంజకొడకా" అని ఉన్నదున్నట్టు రాసింది. ఆ మాటకే కూలీ తిరగబడి మేస్త్రీని చంపేస్తాడు.

హైదరాబాదులో ఆమె పని సరిచూసే జహంగీర్ దాన్ని "దుర్మార్గుడా" అని మార్చాడు. సుందరి వెంటనే ఫోన్ చేసింది.

"సార్, ఆ తర్వాత కూలీ 'మా అమ్మనంటావా?' అని మీదపడతాడు. దుర్మార్గుడా అంటే అమ్మనేమన్నట్టు?"

"చెవిన పడ్డప్పటికంటే తెరమీద అక్షరాల్లో బూతు ఘాటుగా ఉంటుందమ్మా."

"పెద్దలకు మాత్రమే అని సర్టిఫికెట్ ఉంది కదా సార్! పోనీ, 'నీ తల్లి' అని రాసి చుక్కలన్నా పెట్టండి."

"సినిమా కొన్నవాళ్లు ఒప్పుకోరు" అని జహంగీర్ ఫోన్ పెట్టేశాడు.

సినిమా ఓటీటీలో వచ్చిన రోజు సుందరి పక్కన కూర్చుని చూస్తున్న తల్లి ఎలిజబెత్ అయోమయంగా ఇటు తిరిగింది.

"ఏందే, దుర్మార్గుడా అంటే వాళ్లమ్మనన్నట్టు ఎట్టా అయింది? ఆ మాత్రానికే చంపేశాడా? చానా పిచ్చోడిలాగున్నాడే."

"అది కాదమ్మా, మేస్త్రీ అన్నది వేరే మాట."

"ఏం మాట?"

సుందరి నోరు తెరిచింది. అమ్మ మొహం చూశాక ఆ మాట పైకి రాలేదు. ఎవరి మీదో తెలియని కోపంతో లేచి టీవీ కట్టేసింది.