తిరిగి రాని నవ్వు

ఆయా గుమ్మం దాటకముందే ఆమె నవ్వు గదిలోకి వచ్చేసింది.

"ఏం ప్రెస్సాయనా, ఇవాళైనా నాతో రెండు ముక్కలు మాట్లాడతావా, లేక మూతి బిగించుకునే కూర్చుంటావా?"

మంచం మీది పెద్దాయన మాట్లాడలేదు. నవ్వాడు. పెదవుల రెండు చివరలూ సమానంగా పైకి లేచాయి. పక్కన కూర్చున్న ఫిజియో తెర వైపు చూసింది. ఆకుపచ్చ గీత నిలువునా లేచింది. ఆయా పళ్ళు కనిపించిన అర సెకను లోపే ఆయన చెంప కండరం కదిలిపోయింది.

ఫిజియో పని మొహాలతో. పక్షవాతంతోనో, తలకు దెబ్బ తగిలో మొహం వాలిపోయినవాళ్ళకు మళ్ళీ కదపడం నేర్పుతుంది. అందుకే ఆయా ఆమెకు 'బుగ్గలమ్మ' అని పేరు పెట్టింది. ప్రెస్సాయన మొహానికి ఆమె చిన్న చిన్న సెన్సర్లు అంటించింది. చెంప మీద ఉన్నది నవ్వు కండరాన్ని చూస్తుంది, దాని గీత ఆకుపచ్చ. కనుబొమల నడుమ ఉన్నది మొహం ముడుచుకునే కండరాన్ని చూస్తుంది, దాని గీత ఎరుపు.

"ఇప్పుడు నేను చెప్పాక నవ్వండి," అంది ఫిజియో.

ఈసారి ఎడమ చివర మాత్రమే లేచింది. కుడివైపు తడిగుడ్డలా వేలాడింది.

"ఇదేం చోద్యమమ్మా! నాకైతే నిండుగా నవ్వాడు, నీకు సగమే ఇచ్చాడు," అంది ఆయా.

"నాకిచ్చింది అడిగితే ఇచ్చిన నవ్వు. మనం కావాలని నవ్వితే మెదడులో ఒక దారిన వస్తుంది, దానంతటది వచ్చే నవ్వు ఇంకో దారిన వస్తుంది. ఈయనకు మొదటి దారి దెబ్బతింది. రెండోది బాగానే ఉంది."

ప్రెస్సాయన తన సొంత ప్రింటింగ్ ప్రెస్ మెట్ల మీద నుంచి పడ్డాడని తీసుకొచ్చారు. మాట పోయింది. ఏది అడిగినా తల ఊపుతాడు. 'జారిపడ్డారా?' అంటే ఊపుతాడు, 'జారలేదా?' అన్నా ఊపుతాడు. భార్య లేదు. ఉన్నది ఒక కూతురు, ఒక బావమరిది. మర్నాడు డిశ్చార్జి. బావమరిది ఇంట్లో ఉంచాలని నిర్ణయమైపోయింది.

ఆ బావమరిదే అప్పుడు తలుపు తోసుకుని వచ్చాడు.

ప్రెస్‌కి ఆర్డర్లు తెచ్చేది అతనే. మనిషి నవ్వుకు పెట్టింది పేరు. దూరం నుంచే కనుబొమలు ఎగరేస్తాడు, నాలుగడుగుల్లో తల వంచుతాడు, దగ్గరకొచ్చేసరికి పళ్ళన్నీ బయటపెడతాడు. ఎదుటివాళ్ళ కనుబొమలూ, తలలూ, పెదవులూ అదే వరసలో అతన్ని అనుసరిస్తాయి. ఆయా చాటుగా అతన్ని 'పళ్ళపొడి బాబు' అంటుంది. చాటుగా అంటుంది కానీ, ఎదుటపడితే ఆమె కూడా నవ్వుతుంది.

ఇప్పుడూ నవ్వింది. ఫిజియో కూడా నవ్వింది. నవ్వాక గానీ నవ్విన సంగతి ఆమెకు తెలియలేదు.

"బావా, రేపటి నుంచి నువ్వు నా చేతుల్లోనే!" అన్నాడతను.

తెర మీద ఆకుపచ్చ గీత కదలలేదు. ఎర్ర గీత మాత్రం పాము పడగలా లేచింది.

సెన్సర్ ఊడిందేమో అనుకుంది ఫిజియో. అతను ఫోన్ మాట్లాడడానికి బయటికి వెళ్ళగానే, "ఆయా, ఇంకోసారి పలకరించు," అంది. ఆయా పలకరించింది. ఆకుపచ్చ గీత లేచింది. అతను తిరిగొచ్చి మళ్ళీ నవ్వాడు. ఆకుపచ్చ చదును. ఎరుపు పడగ. వెళ్ళబోతూ మరోసారి నవ్వాడు. అప్పుడూ అంతే.

ఆమె అలవాటుగా పెన్సిల్ పళ్ళ మధ్య పెట్టుకుంది. ఆ గీతలు దాచిపెట్టి డాక్టర్ దగ్గరికి నడిచింది.

వార్డు డాక్టర్ విని నవ్వేశాడు. "బావమరిదిని చూసి మొహం ముడుచుకోని బావ ఎక్కడైనా ఉంటాడా? ఇది సాక్ష్యం కాదమ్మా."

"కాదు సార్. నాకూ తెలుసు. శత్రువనుకున్నవాళ్ళ నవ్వును మొహం అంత తేలిగ్గా తిరిగివ్వదు. ఈయన అతన్ని శత్రువనుకుంటున్నాడని మాత్రమే ఇది చెబుతుంది. ఎందుకో చెప్పదు. కానీ ఆ ఎందుకో తెలియకుండా, నోరు లేని మనిషిని అతని చేతికి అప్పజెప్పమంటారా?"

డాక్టర్ నవ్వు ఆగింది. "కూతురితో మాట్లాడండి. ఆవిడ ఒప్పుకుంటే, స్కాన్ తీయాలని అబద్ధం చెప్పి రెండు రోజులు ఆపుతాను. నోటిమాటే. నిజంగా స్కానేమీ రాయను."

కూతురు ఒప్పుకోలేదు. "మా మామయ్యా? మీకు మతిపోయిందా? చిన్నప్పుడు నన్ను భుజాల మీద మోసిన మనిషి! మీ గీతలు చూసి నేను మేనమామను అనుమానించాలా?"

"అనుమానించొద్దు. ఒకసారి ఇలా కూర్చో తల్లీ."

ఫిజియో ఆ సెన్సర్లే కూతురి మొహానికి అంటించింది. తెర మీద మొహాలు చూపించింది. ఏ భావమూ లేని మొహాలు. ఒకటి, ఇంకొకటి, మరొకటి.

"ఏం చూశావు?"

"ఏముంది చూడడానికి? అన్నీ రేషన్ కార్డు ఫొటోల్లా ఉన్నాయి."

"సగం ఫొటోల ముందు నవ్వు మొహం ఒకటి వచ్చిపోయింది. రెప్పపాటుకన్నా తక్కువసేపు. నీ కన్ను పట్టుకోలేదు. నీ చెంప పట్టుకుంది, చూడు."

నవ్వు దాగి ఉన్నచోట ఆకుపచ్చ గీత చిన్నగా, కానీ మళ్ళీ మళ్ళీ లేచింది. కూతురు చెంప తడుముకుంది, అది తనది కానట్టు.

"నేను నవ్వలేదే!"

"నువ్వు నవ్వలేదు. నీ చెంప నవ్వింది. ఎదుటి మొహాన్ని మన మొహం లోలోపల కాపీ కొట్టి చూసుకుంటుంది, వాళ్ళ మనసులో ఏముందో పట్టుకోవడానికి. తిరిగి నవ్వడమంటే 'నేను నీ వైపే' అని చెప్పడం. అది మనల్ని అడిగి చెయ్యదు. అందుకే మీ నాన్నగారిది చూడమంటున్నాను."

కూతురు తండ్రి గీతలు చూసింది. ఆయాకి లేచినవి, తనకి లేచినవి, భోజనం తెచ్చిన వంటమనిషికి లేచినవి. మామయ్య నవ్విన మూడుసార్లూ చదునుగా పడి ఉన్నవి.

ఆ చదును గీత మీద వేలు పెట్టింది. "పడిపోయే ముందు నాన్న రోజూ గోడౌన్‌లో అట్టపెట్టెలు విప్పి చూస్తూ ఉండేవాడు. మందుల డబ్బాల లేబుళ్ళు. 'వీటి మీద తేదీలు తప్పు, ఈ ఆర్డర్ ఎవరిచ్చారు?' అనడిగాడు. మామయ్య నవ్వి, 'అచ్చుతప్పు బావా' అన్నాడు. నేనూ నవ్వాను." ఆమె తండ్రి వైపు తిరిగింది. "కాలం చెల్లిన మందులకి కొత్త తేదీలండీ అవి. ఇప్పుడు తడుతోంది నాకు."

మర్నాడు పొద్దున్నే ఆమె పోలీసుల దగ్గరికి బయల్దేరింది. వెళ్ళేముందు మామయ్యకు ఫోన్ చేసి, నాన్నకు ఇంకో స్కాన్ ఉందట, ఇవాళ పంపరట అని చెప్పింది.

అతను ఫోన్‌తో సరిపెట్టుకోలేదు. నేరుగా వచ్చేశాడు. పొడవాటి వరండాలో ఫిజియోకి ఎదురయ్యాడు.

దూరం నుంచే కనుబొమలు ఎగరేశాడు. ఆమె కనుబొమలు ఎగరలేదు. తల వంచాడు. ఆమె మెడ వంగలేదు. పళ్ళు బయటపెట్టాడు. ఆమె చెంప మొద్దుబారింది. చేతిలోని పెన్సిల్ గబుక్కున పళ్ళ మధ్య పెట్టుకుంది. పెన్సిల్ కరిచిన నోరు నవ్వకపోతే ఎవరూ తప్పుపట్టరు.

"ఏంటి బుగ్గలమ్మగారూ, నిన్న నవ్వారు. ఇవాళ మీకు కూడా మొహం పడిపోయిందా?"

ఆమె పెన్సిల్ తీసి నవ్వింది. ఆలస్యంగా. పెదవులు సాగాయి, కళ్ళు సాగలేదు. ఆ తేడా తనకు ఎంత తెలుసో, రోజూ నవ్వు అమ్ముకుని బతికే ఈ మనిషికీ అంతే తెలుసని ఆమెకు అప్పుడు అర్థమైంది.

"పని ఎక్కువైందండీ."

"అవునవును. నేను నవ్వితే నవ్వనివాళ్ళని ఇంతవరకూ ఒక్కడినే చూశాను." అతను గది వైపు ఒకసారి చూశాడు. నవ్వు అలాగే ఉంది. "ఇప్పుడు ఇద్దరయ్యారు. స్కాన్ జాగ్రత్తగా తీయించండి మరి."

వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. దారిలో ఎదురైన నర్సు, సెక్యూరిటీ మనిషి, లిఫ్ట్ ఆపరేటర్, అందరూ అతన్ని చూసి నవ్వారు.

ఫిజియో గదిలోకి వచ్చి తలుపు వేసింది. కూతురు వచ్చేవరకూ కదలకూడదనుకుంది. ఊరికే కూర్చోలేక ప్రెస్సాయన మొహానికి సెన్సర్లు అంటించి వ్యాయామం మొదలుపెట్టింది. ఆయా తల దువ్వుతూ, "మా పెళ్ళికొడుకు ఎంత బాగున్నాడో!" అంది. ఆకుపచ్చ గీత గంతులేసింది. ఫిజియోకి కాస్త ఊపిరాడింది.

అప్పుడే తలుపు మీద చిన్నగా తట్టారు.

వీల్‌చైర్ తోసుకుంటూ నడివయసు అటెండరొకడు వచ్చాడు. నీలం యూనిఫాం. ముక్కూ నోరూ కప్పిన మాస్కు. కళ్ళ చివర ముడతలు పడ్డాయి. మాస్కు వెనక నవ్వుతున్నాడని ఇట్టే తెలుస్తోంది. పని ఒత్తిడిలో కూడా మర్యాద మరవని మనిషి.

"నమస్తే అమ్మా. పెద్దాయన్ని తీసుకెళ్ళమన్నారు."

"రా బాబూ రా," అంది ఆయా నవ్వుతూ. దుప్పటి తొలగించింది.

ఫిజియో కూడా నవ్వింది. లేచి కుర్చీ పక్కకు జరిపి దారి ఇచ్చింది. వైరు తీయడానికి చెయ్యి చాపుతూ యథాలాపంగా తెర వైపు చూసింది.

ఆకుపచ్చ గీత నేలకు అంటుకుపోయి ఉంది.

ఎర్ర గీత తెర పైఅంచును తాకుతోంది.

ప్రెస్సాయన ఆ మాస్కు పైనున్న కళ్ళనే చూస్తున్నాడు. ఏళ్ళ తరబడి తన ప్రెస్‌లోనే పనిచేసిన మనిషి కళ్ళు పోల్చుకోవడానికి నోటితో పనేముంది?

ఆమె చెంప మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. ఆమెను అడగకుండా వచ్చిన నవ్వు, ఆమెను అడగకుండానే తలుపు తీసి దారి ఇచ్చిన నవ్వు. దాన్ని చెరిపేయాలనిపించింది. చెరపలేదు. చెరిపితే వాడికి తెలిసిపోతుంది.

"ఎక్కడికి తీసుకెళ్ళమన్నారు?" అని మెల్లగా అడిగింది.

"స్కాన్‌కి అమ్మా."

లేని స్కాన్. ఆసుపత్రి బయట ఆ అబద్ధం చెప్పింది ఒక్క బావమరిదికే. వీణ్ణి పంపింది అతనే.

ఆయా వీల్‌చైర్ మెట్టు వంచుతోంది. ఫిజియో ఒక చేత్తో ప్రెస్సాయన భుజం పట్టుకుంది. ఆయన వణుకు ఆమె అరచేతిలోకి పాకింది. రెండో చెయ్యి వెనక్కి పెట్టి, మంచం తలాపున ఉన్న అత్యవసర బెల్లు కోసం తడిమింది. దొరికింది. నొక్కి పట్టుకుంది.

వార్డంతా గణగణమంది. వరండాలో పరుగెత్తే అడుగుల చప్పుడు.

అటెండర్ కళ్ళ చివర ముడతలు నెమ్మదిగా విప్పుకున్నాయి. అప్పుడు గానీ ఫిజియో మొహం మీది నవ్వు ఆరిపోలేదు.