చెత్తబుట్టలో నిద్రమాత్రలు

మా వృద్ధుల క్లబ్బులో డాక్టరమ్మ గంటసేపు గొంతు చించుకుంది. "ఏళ్ల తరబడి వేసుకుంటున్న నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆపకండి. మీ డాక్టర్ని అడిగి మెల్లమెల్లగా తగ్గించుకోండి. ఒకరి మాత్రలు ఇంకొకరు వేసుకోకండి."

క్లబ్బు అధ్యక్షులైన మా బావగారు ముందు వరసలోనే గురక పెట్టారు. చివరి చప్పట్లకు మెలకువ వచ్చి వేదికెక్కారు. జేబులోంచి మాత్రల అట్ట తీసి, ఎంగిలి టీ కప్పులున్న చెత్తబుట్టలోకి విసిరారు.

"పదేళ్ల అలవాటు! ఇవాళ్టితో బంద్!"

మళ్లీ చప్పట్లు. ఛీ, వీళ్లకా ఆవిడ అంతసేపు చెప్పింది! నాకు ఒళ్లు మండిపోయింది.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "అలా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చండీ! ఎప్పటిలాగే వేసుకుంటూ రేపే మీ డాక్టర్ని కలవండి."

బావగారి మొహం పాలిపోయింది. పరుగున వెళ్లి ఎంగిలి కప్పుల మధ్య చెయ్యి పెట్టి కెలికారు. అట్ట లేదు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిన కార్యదర్శి అప్పటికే దాన్ని ఏరుకుని, టీ మరకలు చొక్కాకు తుడుస్తున్నాడు.

"పారేసింది మళ్లీ వెతుకుతారేంటండీ?" అన్నాడు జేబులో వేసుకుంటూ. "మొన్న మీరిచ్చినవి నాకు భలే పడ్డాయి!"