సత్యవాణి పట్టిన అయిదు ముక్కలు

తెలుగు చెప్పడంలో ఉమాశంకర్ మాస్టారు ఎంత మొనగాడో, రాయడంలో అంత నిర్భాగ్యుడు. ఆయన బోర్డు మీద రాస్తే కోడి గెలికినట్టుంటుందని బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో ప్రతి రైల్వే క్వార్టరుకీ తెలుసు. అందుకే భాషాభాగాల ఆటకి కావలసిన ముక్కలన్నీ ఆయన భార్య సత్యవాణి రాసింది. అసలు ఆ ఆట కూడా ఆవిడదే. వర్క్‌షాపు డ్యూటీ దిగి వచ్చి నాన్న వరండాలో రమ్మీ ఆడుతుంటే, వీపు వెనక కూర్చుని ముక్కలు లెక్కపెడుతూ పెరిగిన మనిషి.

ఆట తేలికే. ఒక్కొక్కరికి అయిదు ముక్కలు పంచుతారు. ముక్కకొక మాట. వంతు వచ్చినప్పుడు ఒకటి తీయాలి, ఒకటి పారేయాలి. చేతిలో అయిదూ కలిసి ఒక వాక్యమైతే "షో" అని పరిచి, అందులో నామవాచకం ఏది, సర్వనామం ఏది, విశేషణం, క్రియ, అవ్యయం ఏవి అని చెప్పాలి. తప్పు చెప్తే షో చెల్లదు. మాస్టారు మొదట ఒక్కో భాషాభాగానికి ఒక్కో రంగు సిరా వాడదామన్నాడు. రంగే జవాబు చెప్పేస్తే పిల్లలింక దేని గురించి ఆలోచిస్తారని సత్యవాణి కొట్టిపారేసింది. బిస్కట్ల అట్టపెట్టెలు కత్తిరించి, అన్నిటి మీదా నల్ల సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

బడిలో పెట్టేముందు ఇంట్లో ఇద్దరూ ఆడి చూశారు. మర్నాడు ఆవిడ ఆపరేషనుకి ఆసుపత్రిలో చేరాలి. ఆ సాయంత్రం ఆట ఎంతకీ తెగలేదు. మాస్టారికి క్రియ పడలేదు. సత్యవాణి తీసిన ముక్కని తీసినట్టే పారేస్తూ, ఏదీ కలవడం లేదని నిట్టూర్చింది. రమ్మీ ఆడే ఇంట్లో పుట్టి నాన్న పరువు తీస్తున్నావని మాస్టారు ఏడిపించాడు. ఆవిడ నవ్వి ఇంకో ముక్క తీసింది. వంటకి వేళైనాక తన అయిదు ముక్కలకీ రబ్బరు బ్యాండు వేసింది.

"మల్లొచ్చినాక ఆడదాం. నా ముక్కలు సూడకండి," అంది.

మళ్లీ రాలేదు. రెండేళ్లయింది. మాస్టారు తన ముక్కల్ని పెట్టెలో కలిపేశాడు గానీ ఆ రబ్బరు బ్యాండుని ముట్టుకోలేదు. చూస్తే ఆట అయిపోయినట్టే కదా. ఆవిడతో మిగిలింది ఆ ఒక్క ఆటే.

ఈ ఏడు హెడ్‌మిస్ట్రెస్ కృపమ్మ గారు పట్టుబట్టారు. ఆరో తరగతి పిల్లలు నిర్వచనాలన్నీ చిలకల్లా అప్పజెప్తారు, వాక్యం ఇస్తే మాత్రం క్రియ ఎక్కడుందో చూపించలేరు. ఆ పెట్టె బీరువాలో మగ్గడం సత్యవాణికి మాత్రం ఇష్టమా అని అడిగారు. మాస్టారు ఒప్పుకుని పాఠ ప్రణాళిక రాసుకున్నాడు. మొదట ముక్కల్ని నేల మీద పరిచి అయిదు కుప్పలుగా వేరుచేయించాలి. తర్వాత రెండు జట్లు, రెండు కట్టలు, ఆట. చివర ప్రతి పిల్లా సొంత వాక్యం ఒకటి రాసి మాటలకి పేర్లు పెట్టాలి. ప్రతి వాక్యానికీ క్రియ కావాలి కాబట్టి క్రియలు ఎక్కువుండాలి. అయితే ఒక కట్టలో అయిదు ముక్కలు తక్కువ. ఏవి తక్కువో ఆయనకి తెలియదు, తెలుసుకోడు. కొత్త చార్టు కత్తిరించి, తనకి తోచిన అయిదు మాటలు తనే గీకి కలిపాడు.

మొదటి రోజే ఆట అల్లరైంది. నూకరాజు అనే గడుగ్గాయి వరసగా మూడుసార్లు షో చెప్పాడు. పాత అట్టల వీపు గోధుమరంగు, కొత్తవాటి వీపు తెలుపు. తెల్ల వీపున్నవాటిలో క్రియలు రెండున్నాయని వాడు మొదటి ఆటలోనే కనిపెట్టాడు. పైన తెలుపు కనిపిస్తే తీయడం, లేదంటే కింద పారేసినదానితో సరిపెట్టుకోవడం. ఇక వాడికి వాక్యంతో పనేముంది? పైగా షైని ఒక తెల్ల ముక్క పట్టుకొచ్చి, ఇది 'తిన్నాడు'నా 'తన్నాడు'నా అని అడిగింది. మాస్టారు తను రాసిందే చదవలేక తడబడ్డాడు.

బజారంతా తిరిగినా రెండేళ్లు మాగిన ఆ గోధుమరంగు అట్ట దొరకలేదు. దొరికినా ఆ రాత ఎవరు రాస్తారు? ఆ అయిదు ముక్కలూ కట్టలో చేరితే తప్ప పాఠం సాగదు. చేరిస్తే సత్యవాణి ఆట ముగిసిపోతుంది.

పొద్దున్నే బడికి బయల్దేరే ముందు మాస్టారు బీరువా తీశాడు. ఎండిపోయిన రబ్బరు బ్యాండు వేలు తగలగానే పుటుక్కున తెగింది. ముక్కలు బల్ల మీద పరిచాడు. ఆవిడ పట్టుకున్న వరసలోనే ఉన్నాయి.

మన. పాత. రైలు. ఇంకా. రాలేదు.

సర్వనామం, విశేషణం, నామవాచకం, అవ్యయం, క్రియ. నిండు వాక్యం. పైగా 'రాలేదు' అనేది ఎవరి పక్కనైనా ఒదిగే ముక్క, నేను రాలేదు, వాడు రాలేదు, రైలు రాలేదు. దొరికితే పండగే. ఇంత పండిన చెయ్యి పట్టుకుని షో ఎందుకు చెప్పలేదు? నొప్పితో మనసు మసకబారి కళ్లముందున్న వాక్యమే ఆవిడకి కనపడలేదు కాబోలు. అది గమనించకుండా తను ఎగతాళి చేశాడు. ఆ ముక్కల్ని జేబులో పెట్టుకుని బడిదాకా తలెత్తకుండా నడిచాడు.

తెల్లవి తీసేసి, సత్యవాణి అయిదు ముక్కలూ కట్టలో కలిపి, తనే పంచాడు. ఆవిడ ముక్కలు ఒక్కొక్కటిగా పిల్లల చేతుల్లోకి పోయాయి. ఆట మాత్రం ఈసారి ఆటలా సాగింది. నూకరాజుకి వీపులు పనికిరాక, పెదాలు కదుపుతూ మాటలు పేర్చుకుంటున్నాడు. టోని 'మా చిన్న అన్నయ్య నిన్న వచ్చింది' అని పరిచాడు. మిగతావాళ్లు గొల్లున నవ్వారు. వీధిలో పొద్దస్తమానం బెంగాలీ మాట్లాడే పిల్లలు కదా, అందులో ఆడకైనా మగకైనా క్రియ ఒకటే. అన్నయ్యకి 'వచ్చాడు' కావాలని షైనియే పట్టుకుంది. టోని ముక్కలు ఏరుకుని మళ్లీ వేటలో పడ్డాడు.

మాస్టారు జట్ల మధ్య తిరుగుతూ షైని వెనక ఆగాడు. ఆ పిల్ల చేతిలో వాక్యం పండి ఉంది. 'మా నల్ల పిల్లి ఇక్కడ పడుకుంది.' వంతు వచ్చింది. షైని ఒక ముక్క తీసి, చూసి, తీసినట్టే పారేసి, ఏదీ కలవడం లేదని నిట్టూర్చింది. మళ్లీ వంతు వచ్చింది. మళ్లీ అదే. పిల్లకి అర్థం కాలేదేమోనని మాస్టారు వంగి, చెవి దగ్గర మెల్లిగా అడిగాడు.

"షో సెప్పవేటమ్మా?"

షైని ఉలిక్కిపడి ముక్కల్ని గుండెకి ఆనించుకుంది. అటూ ఇటూ చూసి ఆయనకి మాత్రమే వినపడేలా అంది.

"సెప్తే ఆట అయిపోద్ది కదా సార్."

మాస్టారు అలాగే వంగి ఉండిపోయాడు. తీసిన ముక్కని తీసినట్టే పారేసిన ఆ చెయ్యి, ఆ దొంగ నిట్టూర్పు, ఆ నవ్వు. సత్యవాణికి వాక్యం కనపడక కాదు. ఆ సాయంత్రాన్ని ఇంకొంచెం సాగదీసుకుంది. తనేమో గెలవాలని క్రియ కోసం వెతుక్కుంటూ కూర్చున్నాడు. ఇప్పుడు ఆ సాయంత్రం ఒక్కసారి దొరికితే జన్మలో షో చెప్పడు.

"సార్, నా ముక్కలు సూసీసినారా?" షైని బెంగగా అడిగింది.

"లేదమ్మా," అన్నాడు మాస్టారు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "నానేటీ సూడలేదు. ఆడుకో."