రెండు వందల డెబ్భై ఎనిమిది రూపాయల ఇరవై నాలుగు పైసలు

సొసైటీ నుంచి కవరు వచ్చిన రోజు రూతుకి సెలవు. పంతొమ్మిది వందల డెబ్భై ఆరు, జూలై నెలాఖరు. పటమటలో వాళ్లు కట్టుకున్న రెండు గదుల ఇంటి అరుగు మీద కూర్చుని గోంగూర ఒలుస్తోంది. పోస్టుమాన్ ఇచ్చిన కవరు చింపి చూసి, ఒళ్లో ఉన్న చేటని పక్కన పెట్టేసింది.

ఇల్లు కట్టేటప్పుడు వన్ టౌన్‌లోని సహకార గృహ నిర్మాణ సొసైటీలో అప్పు తీసుకున్నారు. వడ్డీ నూటికి ఏడాదికి తొమ్మిది. నెలనెలా నూట యాభై కట్టాలి. అందులో ముందు ఆ నెల వడ్డీ మినహాయించుకుని, మిగిలింది అసలుకి జమ వేస్తారు. కిందటి సెప్టెంబరు ఆఖరికి పదకొండు వేలు అసలు మిగిలి ఉండగా, రూతు ఒకేసారి నాలుగు వేలు కట్టింది. హనుమాన్ జంక్షన్ దగ్గర తల్లి వాటాగా వచ్చిన అరెకరం అమ్మిన డబ్బది. ఆ మళ్లు అమ్మిన రోజు ఏడ్చింది. డబ్బు కట్టిన రోజు మాత్రం, అప్పు ఏడు వేలకి దిగిందనుకుంటూ వన్ టౌన్ నుంచి ఇంటిదాకా నడిచే వచ్చింది.

ఇప్పుడీ కాగితం మీద జూన్ ముప్పైకి బాకీ పదివేల మూడు వందల డెబ్భై మూడు రూపాయల తొంభై అయిదు పైసలని ఉంది. నాలుగు వేల ఊసే లేదు. పైగా కింద చిన్న చీటీ: "పై బాకీ సరియైనదని అంగీకరించుచున్నాను." సంతకం పెట్టి, ఆడిటుకి వీలుగా వారంలో పంపించమన్నారు.

రూతు టెలిగ్రాఫ్ ఆఫీసులో కౌంటరు గుమాస్తా. పద్దెనిమిదేళ్లుగా జనం రాసిచ్చిన తంతుల్లో మాటలు లెక్కపెట్టి రుసుము వసూలు చేసే మనిషి. చావు కబురైనా, పెళ్లి కబురైనా ఒక్క మాట ఎక్కువ లెక్కపెట్టదు, ఒక్క మాట వదిలిపెట్టదు. ట్రంకుపెట్టె తీసి రసీదు వెతికింది. దొరికింది. నంబరు పదకొండు వందల ఎనభై నాలుగు. తేదీ 30-9-75. "లోను అసలు కింద, రొక్కం, రూ. 4,000."

మర్నాడు డ్యూటీకి వెళ్లే ముందు సొసైటీ మెట్లెక్కింది. కింద మిరపకాయల గోడౌను. పైకి ఘాటు వస్తూనే ఉంటుంది. గుమాస్తా బసవయ్య ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని లెడ్జరు తిరగేశాడు.

"మీ ఖాతాలో అలాంటి జమ లేదండీ."

"రసీదు మీ చేత్తో రాసిచ్చిందేనండీ. చూడండి."

బసవయ్య చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ కాగితం పట్టుకుని సెక్రటరీ తిరుపతిరావు గారి గదిలోకి వెళ్లి, కాసేపటికి ఆమెని లోపలికి పిలిచాడు.

తిరుపతిరావు చెడ్డవాడేమీ కాదు. ఏ తప్పునీ ఇంతవరకు ఎవరి ముందూ ఒప్పుకోవాల్సిన అవసరం రాని మనిషి, అంతే.

"కూర్చోమ్మా. మీ డబ్బు ఎక్కడికీ పోలేదు, భద్రంగా ఉంది. ముందుగా కట్టేటప్పుడు దరఖాస్తు పెట్టాలి కదా? మీరు పెట్టలేదు. అందుకని సస్పెన్స్ ఖాతాలో ఉంచాం. ఎందులో వెయ్యాలో తేలని సొమ్ము అందులో ఉంటుంది. రేపు కమిటీలో పెట్టి మీ లోనుకి మారుస్తాం."

"మరి ఈ తొమ్మిది నెలల వడ్డీ సంగతండీ? ఆ నాలుగు వేల మీద కూడా వేశారుగా."

"అది పడిపోయిందమ్మా. ఏడాది పుస్తకాలు మూసేశాం. వెనక్కి తియ్యడం కుదరదు. ఆ చీటీ మీద సంతకం పెట్టి ఇచ్చెయ్యండి, సోమవారం ఆడిటరు గారు వస్తున్నారు."

"సంతకం పెడితే బాకీ ఇంతేనని నేను ఒప్పుకున్నట్టే కదండీ?"

"లాంఛనం అమ్మా అది!"

"లాంఛనమైతే పెట్టకపోయినా ఫర్వాలేదన్నమాట," అని చీటీ మడిచి చేతిసంచీలో పెట్టుకుని లేచింది. మెట్లు దిగుతుంటే మిరప ఘాటుకో మరి దేనికో కళ్లలో నీళ్లు తిరిగాయి.

భర్త సొలొమోను రైల్వే లోకోషెడ్డులో ఫిట్టరు. ఇంజన్లతో తప్ప ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. సాయంత్రం ఆమె చెప్పిందంతా విని, "పోనీలే రూతూ. అసలు వేస్తామన్నారుగా. ఇంటి కాగితాలు వాళ్ల దగ్గరున్నాయి. పెద్దవాళ్లతో మనకెందుకు?" అన్నాడు.

"కాగితాలు వాళ్ల దగ్గరున్నా, నకలు మన దగ్గరుందిగా," అంది రూతు.

తనఖా దస్తావేజు నకలు పదకొండు పేజీలు. అప్పు తీసుకున్నప్పుడు దాన్ని ఎవరూ చదవలేదు. ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ సంతకాలు పెట్టారు. రూతు ఆదివారం చర్చి నుంచి వచ్చాక మొదటి నుంచీ వేలు పెట్టుకుని చదివింది. ఏడో షరతు దగ్గర ఆగి, భర్తని పిలిచి పైకి చదివింది.

"ఋణగ్రహీత వాయిదాలకు అదనముగా ఎప్పుడైనను, ఎంత మొత్తమైనను అసలు కింద చెల్లించవచ్చును. అట్టి మొత్తమును చెల్లించిన తేదీననే అసలునుండి మినహాయించి, తదుపరి వడ్డీని మిగిలిన అసలుపై మాత్రమే లెక్కింపవలెను."

సొలొమోను కళ్లజోడు పెట్టుకుని తనూ చదివాడు. "దరఖాస్తు అన్న మాటే లేదే!"

"లేదు."

అతను ఇంకోసారి చదివాడు. "అయితే పద, ఉత్తరం రాద్దాం. నువ్వు చెప్పు, నేను ఫెయిరు చేస్తాను. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుంది," అన్నాడు. ఆ మాటకి రూతుకి కొండంత ధైర్యం వచ్చింది.

చీటీ మీద అచ్చులో ఉన్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, "అంగీకరించను. కారణములు జతపరచిన ఉత్తరములో" అని రాసి సంతకం పెట్టింది. ఉత్తరంలో రసీదు నంబరు, తేదీ, ఏడో షరతు. సొసైటీకి ఒకటి, ఆడిటరు పేర ఒకటి, సహకార శాఖ డిప్యూటీ రిజిస్ట్రారుకి ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో, ముట్టినట్టు సంతకంతో తిరిగొచ్చే కార్డు జతచేసి పంపింది.

గురువారం పొద్దున్నే సొసైటీ నుంచి పిలుపొచ్చింది. సొలొమోను సెలవు పెట్టి ఆమె వెంట వచ్చాడు.

ఆడిటరు నాంచారయ్య బక్కపల్చటి మనిషి. ముందు ఆమె పంపిన ఉత్తరం, రోజువారీ నగదు పుస్తకం పక్కపక్కనే పెట్టుకున్నాడు. తిరుపతిరావు ఎదురుగా కూర్చున్నాడు. బసవయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"సెప్టెంబరు ముప్పై. రసీదు పదకొండు వందల ఎనభై నాలుగు. నాలుగు వేలు వచ్చింది," అన్నాడు నాంచారయ్య. "రసీదులో లోను అసలు కింద అని స్పష్టంగా ఉంటే సస్పెన్స్‌కి ఎందుకు పోయింది?"

"దరఖాస్తు లేదండీ. మా ఆనవాయితీ..."

"ఆనవాయితీ ఏ తీర్మానంలో ఉంది?"

తిరుపతిరావు బసవయ్య వంక చూశాడు. బసవయ్య నేల వంక చూశాడు.

రూతు గొంతు సవరించుకుంది. "అయ్యా, ఒక్క మాట అడగొచ్చా? ఆ నాలుగు వేలూ తొమ్మిది నెలలు ఇనప్పెట్టెలోనే ఉన్నాయాండీ?"

నాంచారయ్య ఆమెని ఒకసారి చూసి, నగదు పుస్తకంలో ఇంకో రెండు పుటలు తిప్పాడు. "అక్టోబరు మూడు. కొత్త లోను చెల్లింపు, ఆరు వేలు. ఆనాటికి చేతిలో ఉన్న రొక్కం ఆరు వేల నూట పది. మీ నాలుగు వేలు లేకపోతే ఆ లోను ఇవ్వలేకపోయేవారు."

"అంటే నా డబ్బు ఇంకొకరికిచ్చి వాళ్ల దగ్గర వడ్డీ తీసుకున్నారు. అదే డబ్బు నేను ఇంకా బాకీ ఉన్నానని నా దగ్గరా తీసుకున్నారు. నేను చెప్పింది తప్పయితే చెప్పండి, ఇక్కడే సంతకం పెట్టేస్తాను."

సొలొమోను తన చేతులకేసి చూసుకుంటూ నవ్వు ఆపుకున్నాడు.

తిరుపతిరావు కండువాతో నుదురు తుడుచుకున్నాడు. "సరేనమ్మా. గొడవెందుకు. నాలుగు వేలకి నెలకి ముప్పై వడ్డీ. తొమ్మిది నెలలకి రెండు వందల డెబ్భై. తిరిగి జమ వేయిస్తాను. సరిపోయిందా?"

"సరిపోలేదండీ," అంది రూతు.

సొలొమోను ఉలిక్కిపడి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"రెండు వందల డెబ్భై ఎనిమిది రూపాయల ఇరవై నాలుగు పైసలు రావాలండీ. నేను నెలనెలా నూట యాభై కట్టాను, ఒక్క నెలా తప్పలేదు. అక్టోబరులో ముప్పై ఎక్కువ వడ్డీ కింద పోయింది. పోకపోతే ఆ ముప్పై నా అసలులో తగ్గేది. అప్పుడు నవంబరులో ఆ ముప్పై మీద కూడా వడ్డీ పడేది కాదు. అలా ప్రతి నెలా కొంత. ఇదిగోనండి, నెలవారీ వేశాను."

ఆమె ఇచ్చిన కాగితం నాంచారయ్య తీసుకున్నాడు. పెన్సిలుతో ఒక్కొక్క నెలా తనే మళ్లీ వేశాడు. చాలాసేపు పట్టింది. కింద గోడౌనులో బస్తాలు దింపుతున్నారు. చివరికి పెన్సిలు కింద పెట్టాడు.

"జూన్ ముప్పైకి ఈవిడ బాకీ ఆరు వేల తొంభై అయిదు రూపాయల డెబ్భై ఒక్క పైసలు. ఈవిడ లెక్క పైసాతో సహా కరెక్టు. సెక్రటరీ గారూ, సెప్టెంబరు ముప్పై తేదీతోనే సర్దుబాటు పద్దు రాయించండి. లేకపోతే నా రిపోర్టులో అభ్యంతరంగా రాయాల్సి ఉంటుంది. ఈవిడ డిప్యూటీ రిజిస్ట్రారు దగ్గర వివాదం వేసినా మీ దగ్గర జవాబుండదు."

బసవయ్య అప్పటికే కలం తీశాడు. లెడ్జరులో సర్దుబాటు రాసి, ఆమె పాసుపుస్తకంలోనూ ఎక్కించాడు. తిరుపతిరావు పక్కన పొడి సంతకం చేశాడు. కలం మూత పెడుతూ, ఆమె ముఖం చూడకుండానే, "మీరు మా కమిటీలో ఉండాల్సిన మనిషమ్మా," అన్నాడు. దెప్పుతూ అన్నాడో, మెచ్చుకుంటూ అన్నాడో ఆయనకే తెలియాలి.

రూతు లేవబోతుంటే నాంచారయ్య సస్పెన్స్ ఖాతా పుట ముందుకు జరుపుకున్నాడు. "ఇందులో ఇంకో ఆరు పేర్లున్నాయే. ఇవి కూడా లోనుకి ముందుగా కట్టినవేనా?" అన్నాడు. తిరుపతిరావు మళ్లీ కండువా తీశాడు.

మిరపకాయల వీధిలోకి దిగాక సొలొమోను సైకిలు తియ్యకుండా నిలబడిపోయాడు. "ఎనిమిది రూపాయల ఇరవై నాలుగు పైసల కోసం నా గుండె ఆగిపోయిందనుకో," అన్నాడు. రూతు పకపకా నవ్వింది. నలుగురూ చూస్తున్నా ఆపుకోలేకపోయింది. ఆ పూట హోటల్లో నెయ్యి పెసరట్టు ఉప్మాతో తిన్నారు. సొలొమోను సర్వరుకి కూడా కథంతా చెప్పాడు. అంతవరకు అతను హోటల్లో నీళ్లు కావాలని కూడా గట్టిగా అడిగిన మనిషి కాడు.

ఆగస్టు నెలాఖరులో ఒక మధ్యాహ్నం టెలిగ్రాఫ్ కౌంటరు ముందు ముతక చీర కట్టుకున్న పెద్దావిడ నిలబడింది. తంతి ఫారం అడగలేదు. "రూతమ్మ గారంటే మీరేనాండీ?" అంది. పేరు సంపూర్ణమ్మ. ఆ ఆరుగురిలో ఒకావిడ. గన్నవరంలో పాలు పోసి కూడబెట్టిన పదిహేను వందలు రెండేళ్ల కిందట కట్టిందట.

"నాకు చదువు రాదమ్మా. నిన్న సొసైటీ వాళ్లు పిలిచి, వడ్డీ అంతా తిరిగి జమ వేశామని పాసుపుస్తకం ఇచ్చారు. మీ వల్లేనని గుమాస్తా బసవయ్యే చెప్పాడు. సరిగ్గా వేశారో లేదో మీరొకసారి చూసి చెబితే..." అంటూ పుస్తకం కిటికీలోంచి లోపలికి జరిపింది.

వెనక నలుగురు నిలబడి ఉన్నారు. రూతు వాళ్ల తంతులన్నీ తీసుకుని, లెక్కపెట్టి పంపించింది. తర్వాత కాగితం, పెన్సిలు తీసుకుని నెలనెలా వేసుకుంటూ వచ్చింది. సంపూర్ణమ్మ కిటికీ ఊచలు పట్టుకుని, ఆమె పెన్సిలు వంకే రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"సరిగ్గా ఉందమ్మా," అంది రూతు. "పైసాతో సహా."